పెళ్లి ఫోటో కింద రాసే నాలుగు మాటలు: ఆప్యాయంగా, మన గొంతుతోనే రాయడం ఎలా

మా పిన్ని కూతురు చిన్ని పెళ్లి తెనాలిలో జరిగింది. ముహూర్తం తెల్లవారుజామున 2 గంటల 37 నిమిషాలకు. జీలకర్ర బెల్లం పెట్టించి తెర తీసిన క్షణంలో తీసిన ఫోటో ఒకటి మర్నాడు మధ్యాహ్నం నా ఫోన్‌కి వచ్చింది. దానితో పాటే చిన్ని మెసేజ్: "అక్కా, దీని కింద నువ్వే రాయి. అందరూ రాసేలా మాత్రం వద్దు."

మా ఇళ్లలో ఎవరి పెళ్లయినా ఫోటోల కింద మాటలు రాసే పని నాకే వస్తుంది. అలా రాసీ రాసీ నాకొక పద్ధతి కుదిరింది. ఆ పద్ధతిని ఈ ఒక్క ఫోటో పట్టుకుని, ఏం రాశానో, ఏది కొట్టేశానో, ఎందుకు కొట్టేశానో వరసగా చెబుతాను. మీ ఇంటి ఫోటో వేరే కావచ్చు. తలంబ్రాలది కావచ్చు, అప్పగింతలది కావచ్చు. నడవాల్సిన దారి మాత్రం ఇంచుమించు ఇదే.

ముందు ఎవరి నోటి మాటో తేల్చుకోండి

చాలామంది "ఏం రాయాలి" దగ్గర మొదలుపెడతారు. నేను "ఎవరు రాస్తున్నారు" దగ్గర మొదలుపెడతాను. తెలుగులో మాట తీరంతా వరసలోంచే వస్తుంది. అదే పెళ్లికూతురిని అమ్మమ్మ "తల్లీ" అంటుంది, మేనత్త "కోడలు పిల్లా" అంటుంది, అన్నయ్య "ఒసేయ్" అంటాడు, స్నేహితురాలు పేరు సగానికి విరిచి పిలుస్తుంది. ఈ పిలుపుల్లో ఏదో ఒకటి ఖాయం చేసుకుంటే తక్కిన వాక్యం దానంతటదే ఆ దారిన నడుస్తుంది. పిలుపు లేకుండా మొదలుపెడితే వాక్యం శుభలేఖ భాషలోకి జారిపోతుంది.

కాగితం మీద ఒక వరస రాసుకోండి: నేను తనకి ఏమవుతాను, తనని ఇంట్లో ఏమని పిలుస్తాను, పెళ్లికొడుకు నాకు ఏమవుతాడు, అతన్ని ఏమని పిలుస్తాను. నా మటుకు అది ఇలా వచ్చింది: నేను అక్కని. తను చిన్ని, "నువ్వు". చెల్లెలి భర్త కాబట్టి అతను నాకు మరిది. పరిచయమై నాలుగు నెలలే అయింది, కాబట్టి "మరిదిగారు", "మీరు".

ఈ చివరిది చిన్న విషయంలా కనబడుతుంది గానీ, చాలా పోస్టులు తేలిపోయేది ఇక్కడే. నిన్నటిదాకా "మీరు" అన్న మనిషిని ఫోటో కింద "బ్రో, మా చెల్లిని జాగ్రత్తగా చూసుకో" అంటే చదివేవాళ్లకి అది చనువుగా తోచదు, ఎక్కడో చూసి రాసినట్టు తోచేస్తుంది. ఫోన్లో ఎలా పలకరిస్తారో ఫోటో కింద కూడా అలాగే పలకరించండి. పెళ్లికూతురే స్వయంగా రాసుకుంటున్నా ఇదే కొలత. మామూలుగా "మా ఆయన" అనని అమ్మాయి ఆ ఒక్కరోజు "నా శ్రీవారు" అని రాస్తే అది తన గొంతు కాదని తన స్నేహితులకు ఇట్టే తెలిసిపోతుంది.

ఫోటోని రెండు నిమిషాలు ఊరికే చూడండి

టైపు చేయకుండా, ఫోటోని పెద్దది చేసి మూలలు కూడా చూడండి. కనబడేవన్నీ ఒక జాబితాగా రాయండి. నా జాబితా ఇదీ: చిన్ని కళ్లు మూసుకుంది. దాని చెయ్యి ఇంకా మరిదిగారి తల మీదే ఉంది. తమలపాకు కొంచెం పక్కకి జారింది. ఆయన బాసికం ఒరిగింది. ఆయన కళ్లు తెరిచే ఉన్నాయి, చిన్ని వైపే చూస్తున్నారు. సగం దించిన తెర అంచు ఎర్రగా కింద కనబడుతోంది. చిన్ని వీపు వెనక, ఫోటో అంచులో, మణికట్టు దాకా ఒక చెయ్యి. ముడతలు పడిన చెయ్యి, రెండు మట్టిగాజులు. ఆ చెయ్యి పూలజడని కిందనుంచి పట్టుకుని ఉంది.

ఇప్పుడు ఆ జాబితాలో ఎవరికైనా కనబడే వాటిని కొట్టేయండి. కళ్లు మూసుకున్న పెళ్లికూతురు అందరికీ కనబడుతుంది. అది మళ్లీ మాటల్లో చెబితే చదివేవాడికి కొత్తగా ఏమీ దొరకదు. జీలకర్ర బెల్లం ఫోటో కింద "జీలకర్ర బెల్లం వేళ" అని రాయడం కూడా అంతే. ఫోటో చూస్తే తెలిసేది ఫోటోకే వదిలేసి, ఫోటో చూసినా తెలియనిది మీరు చెప్పాలి. నా జాబితాలో అలాంటిది ఒక్కటే మిగిలింది: ఆ చెయ్యి ఎవరిదో.

అది మా అమ్మమ్మది. పచ్చిపూల జడ ఎంత బరువుంటుందో వేసుకున్నవాళ్లకి తెలుసు. మల్లెలూ కనకాంబరాలూ అట్టకి కుట్టి, జడకి బిగించి కట్టేస్తారు. రెండు మూడు గంటలు పీటల మీద కూర్చుంటే మెడ వెనక్కి లాగేస్తుంది. తల వంచి జీలకర్ర బెల్లం పెట్టించుకునే వేళకి ఆ లాగుడు మరీ ఎక్కువ. ఆవిడ వెనక పీట వేయించుకుని, తెర పట్టుకున్నవాళ్ల పక్కన ఒదిగి కూర్చుని, జడని అరచేతిలో మోస్తూ ఉంది. ఎవరూ చెప్పలేదు. వేదిక కిందనుంచి నేను చూశాను.

ఇంకో మాట. ఆల్బమ్ చేసే కుర్రాడు ఆ చేతిని కత్తిరించి పంపుతానన్నాడు, ఫోటో నీటుగా ఉంటుందని. వద్దన్నాను. ఫోటోల్లో అంచుల్లో ఉండిపోయే చేతులు, సగం కనబడే మొహాలు, కింద పడిన చెప్పు, ఎవరో పట్టుకున్న గొడుగు లాంటివి కత్తిరించేముందు ఒకసారి అవి ఎవరివో ఆలోచించండి. రాయాల్సిన మాట చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇప్పుడు గొంతు ఎంచుకోండి

పెళ్లి ఫోటో కింద తెలుగులో పనిచేసే గొంతులు నా లెక్కలో నాలుగు. దీవెన, వేళాకోళం, ఇంట్లో మాట్లాడుకునే మాట, శుభలేఖ భాష. వీటిలో ఏదీ చెడ్డది కాదు. ఒక్కోదానికీ ఒక్కో హక్కుదారు ఉంటాడు.

దీవెన పెద్దవాళ్ల సొత్తు. "పిల్లాపాపలతో నూరేళ్లు చల్లగా ఉండండి" అనే మాట ఎన్ని వేలసార్లు విన్నా, తాతయ్య రాస్తే పాతబడదు. దీవెన అసలు పాతదిగానే ఉండాలి, అక్షింతల్లాగా. అదే మాట ఇరవై ఆరేళ్ల స్నేహితురాలు రాస్తే అరువు తెచ్చుకున్నట్టుంటుంది. ఎందుకంటే దీవించే వయసూ వరసా తనకి లేవు. మీ నాన్నగారో పెదనాన్నగారో రాస్తుంటే వాళ్ల వాక్యాన్ని కొత్తగా మార్చాలని చూడకండి. పిలుపు ఒక్కటి చేర్చమనండి చాలు. "చిన్నీ, మీ ఇద్దరూ చల్లగా ఉండాలమ్మా" అంటే పని అయిపోయింది.

వేళాకోళానికి వరస ఉండాలి. మన ఇళ్లలో బావా మరదళ్లు, వదినా ఆడపడుచులు, మేనత్త పిల్లలు, మేనమామ పిల్లలు ఒకరినొకరు ఎంత ఆటపట్టించుకున్నా చెల్లుతుంది. బిందెలో ఉంగరం తీయించేటప్పుడు చుట్టూ మూగి అల్లరి చేసేది వాళ్లే. ఆ వరస లేనివాళ్లు అదే అల్లరి ఫోటో కింద చేస్తే, ముఖ్యంగా అవతలి ఇంటివాళ్లు చదివేచోట చేస్తే, మాట కొంచెం గట్టిగా తగులుతుంది. స్నేహితులకి ఆ హక్కు కొంత ఉంది. కానీ అది పెళ్లికూతురి వైపే ఉంది, పెళ్లికొడుకు మీద లేదు. "ఇక నీ స్వేచ్ఛ అయిపోయింది బాబూ" తరహా మాటలు నేను ఎవరి తరఫునా రాయను. పక్కనే ఉన్న అమ్మాయిని అవి జైలుని చేస్తున్నాయి.

శుభలేఖ భాష అంటే చి.ల.సౌ.తో, "శుభవేళ"తో, "పరిణయ మహోత్సవం"తో నడిచేది. "జానక్యాః కమలామలాంజలి పుటే" శ్లోకంతో మొదలయ్యే కార్డుకి అది అందం. ఆల్బమ్ మొదటి పేజీకి కూడా అందమే. ఒక్క ఫోటో కింద మాత్రం అది మైకులో చదివినట్టుంటుంది. "వివాహ బంధంతో ఒక్కటైన వేళ" అని మనం ఎవరితోనూ మాట్లాడం కదా.

మిగిలింది ఇంటి మాట. అందరూ రాసేదానికి దూరంగా జరగాలనుకునేవారికి దాదాపు ఎప్పుడూ దారి ఇదే. ఇంటి మాట అంటే పెళ్లయిన మర్నాడు వంటింట్లో కూర్చుని "అది కాదే, ఆ టైముకి అమ్మమ్మ ఏం చేసిందో చూశావా" అని చెప్పుకునే మాట. ఇందులో విశేషణాలు తక్కువ, జరిగినవి ఎక్కువ. ఆప్యాయత ఆ జరిగినదాంట్లోనే ఉంటుంది కాబట్టి "ఆప్యాయత", "ప్రేమ", "అనుబంధం" అనే పదాలతో పని పడదు.

రాసిన నాలుగు వాక్యాలు, కొట్టేసిన మూడు

మొదట చేతికి వచ్చింది ఇది:

"రెండు మనసులు ఒకటైన శుభవేళ. చిన్నికి, మరిదిగారికి హృదయపూర్వక వివాహ శుభాకాంక్షలు."

ఇందులో తప్పు లేదు. నేను చేసే పరీక్ష ఒకటుంది: పేరు తీసేసి వేరే జంట పేరు పెట్టి చదవడం. "స్వాతికి, బావగారికి" అన్నా వాక్యం చెక్కుచెదరలేదు. అంటే ఇందులో చిన్ని లేదు. కొట్టేశాను.

రెండోది:

"తెర తొలగింది, ఒక కొత్త ఉదయం కళ్లు తెరిచింది. వేళ్ల చివర తీపి, కళ్ల చివర తడి."

రాసినప్పుడు బాగుందనిపించింది. పది నిమిషాలాగి పైకి చదివాను. చదువుతుంటే గొంతు మారిపోయింది, కవిసమ్మేళనంలో నిలబడినట్టు. పైగా "కళ్ల చివర తడి" అబద్ధం. చిన్ని ఏడవలేదు, కళ్లు మూసుకుంది. ఫోటోలో లేనిదాన్ని లయ కోసం తెచ్చిపెట్టాను. వాక్యం అందంగా వస్తున్న కొద్దీ ఇలా జరగలేదుగదా అని ఫోటోతో సరిచూసుకోవాలి. ఇది కూడా పేరు పరీక్షలో పోతుంది.

మూడోది వేళాకోళం:

"క్లాసులో కూడా ఇలాగే కళ్లు మూసుకుని కూర్చునేది. మరిదిగారూ, ఇక మీ వంతు, లేపండి."

ఇది చిన్నికే సరిపోతుంది, పేరు మారిస్తే పడిపోతుంది. కానీ మరిదిగారి వాళ్లమ్మగారు చదువుతారు. కోడలు బద్ధకస్తురాలని మొదటి రోజే మా వైపునుంచి చెప్పినట్టవుతుంది. నాకూ చిన్నికీ మధ్య అది ముద్దు. అత్తగారింట్లో అది ఒక సమాచారం. దీన్ని చిన్నికి విడిగా పంపించాను, నవ్వుకుంది. పోస్టులో పెట్టలేదు.

నాలుగోది:

"వెనక జడ పట్టుకున్న చెయ్యి అమ్మమ్మది. పడుకోమంటే పడుకోకుండా, బరువుకి నీ మెడ లాగకూడదని ముహూర్తం అయ్యేదాకా అలాగే కూర్చుంది. నువ్వు కళ్లు మూసుకున్నావు చిన్నీ, నీకు తెలీదు. అందుకే చెబుతున్నా. మరిదిగారూ, తెర తీశాక మీరు చూసే ఉంటారు."

ఇందులో ఏం పనిచేస్తోందో విడదీసి చెప్పడం మీకు ఉపయోగం. మొదటిది, ఇది పెళ్లికూతురికి తెలియని సంగతి పెళ్లికూతురికే చెబుతోంది. తక్కినవాళ్లు పక్కనుండి వింటున్నారు. ఊరందరికీ ప్రకటించినట్టు ఉండే మాట కంటే, ఒకరితో చెబుతుంటే చెవిన పడే మాట దగ్గరగా అనిపిస్తుంది. రెండోది, మరిదిగారు బయట నిలబడిపోలేదు. ఆయన కళ్లు తెరిచి ఉన్నాయన్నది ఫోటోలోనే ఉంది కాబట్టి ఆ చివరి వాక్యం ఊరికే మర్యాదకి అతికించింది కాదు. మూడోది, చదివినవాడు వెంటనే ఫోటోలోకి తిరిగి వెళ్లి ఆ చేతిని వెతుకుతాడు. మాట ఫోటోని మళ్లీ చూసేలా చేయడం కంటే దానికి వేరే పనేముంది.

క్రియ చివర చూసుకోండి

తెలుగులో గొంతు ఎక్కువగా వాక్యం చివర తేలుతుంది. "కూర్చున్నారు", "కూర్చుంది" అనే రెండింటికీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. మా ఇంట్లో అమ్మమ్మని "కూర్చుంది" అనే అంటాం. "అమ్మమ్మగారు ఆసీనులై ఉన్నారు" అంటే ఆవిడే నవ్వుతుంది. కొన్ని ఇళ్లలో అమ్మమ్మని కూడా "మీరు" అంటారు, అక్కడ "కూర్చున్నారు" అనాలి. ఏది మర్యాద అన్నది కాదు చూడాల్సింది, మీ ఇంట్లో ఏది అలవాటన్నది.

"చెబుతున్నాను" అంటే కొంచెం నిటారుగా ఉంది, "చెబుతున్నా" అంటే పక్కన కూర్చుని అన్నట్టుంది. "కదా", "లే", "అంట", "మరి" లాంటి చిన్న తోకలు వాక్యాన్ని ఒక్కసారిగా ఇంట్లోకి తెచ్చేస్తాయి. ఒక్కటి చాలు. రెండు మూడు పెడితే నటిస్తున్నట్టుంటుంది.

యాస సంగతీ అంతే. కరీంనగర్ వైపు ఇంట్లో "చెల్లె", "బాపు" అని పిలుచుకునేవాళ్లు ఫోటో కింద "చెల్లెమ్మా", "నాన్నగారు" అని రాస్తే సొంత మనుషులే ఒక క్షణం ఆగి ఇది ఎవరి రాత అనుకుంటారు. ఒడిబియ్యం పోసేటప్పుడు తీసిన ఫోటో కింద "ఒడిబియ్యం" అనే రాయండి. తెలియనివాళ్లు అడిగి తెలుసుకుంటారు.

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాసేవాళ్లకి ఒక ఇబ్బంది ఉంది. పొట్టి పొడుగులు పోతాయి, ఒత్తులు పోతాయి, చదివేవాడు ప్రతి మాట దగ్గరా తడుముకుంటాడు. పెళ్లి ఫోటో కింద మాట మెల్లగా, తడబడకుండా చదవగలగాలి. ఫోన్‌లో తెలుగు కీబోర్డు లేకపోతే మైకు నొక్కి పైకి చెప్పండి, చాలావరకు సరిగ్గానే పడుతుంది. తప్పులు సరిచేసుకోవచ్చు. పైగా నోటితో చెప్పింది కాబట్టి అది ఇంటి మాటగానే వస్తుంది.

ఎంత పొడుగు, ఎక్కడ

ఇన్‌స్టాగ్రామ్‌లో 2,200 అక్షరాలదాకా రాయనిస్తుంది గానీ ఫోటో కింద మొదటి ఒకటి రెండు వరసలే కనబడతాయి, తక్కినది నొక్కితేనే. కాబట్టి అసలు సంగతి మొదటి వాక్యంలో ఉండాలి. "వెనక జడ పట్టుకున్న చెయ్యి అమ్మమ్మది" ముందు పెట్టింది అందుకే. "నిన్న మా చెల్లి పెళ్లి చాలా ఘనంగా జరిగింది" అని మొదలుపెట్టి ఉంటే అమ్మమ్మ చెయ్యి మడతలో ఉండిపోయేది. ఇంటి వాట్సాప్ గ్రూపులో ఇంత అక్కర్లేదు. అక్కడ "ఆ చెయ్యి ఎవరిదో చెప్పండి" అంటే చాలు, తక్కినది వాళ్లే మాట్లాడుకుంటారు. ఆల్బమ్‌లో అచ్చు వేసే మాట అయితే ఇంకా కుదించాలి. ఇరవై ఏళ్ల తర్వాత చదివేది అదే కాబట్టి అందులో "నిన్న", "మొన్న" లాంటివి ఉండకూడదు.

తప్పు ఎక్కడ జరుగుతుంది

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం ఒక స్నేహితురాలి పెళ్లికి, తలంబ్రాలు పోసుకుంటున్న ఫోటో కింద "ఎట్టకేలకు!" అని మొదలుపెట్టి రాశాను. మా ఇద్దరి మధ్య అది మామూలు మాటే. తనకి ముప్పై నాలుగేళ్లు. సంబంధాలు తప్పిపోయిన ప్రతిసారీ బంధువులు ఏమన్నారో నాకు తెలుసు. ఆ ఒక్క మాటతో నేను కూడా వాళ్ల పక్కన చేరిపోయాను. సాయంత్రానికి కింద కామెంట్లలో "అవును, ఎన్నాళ్లకి" అంటూ ఆ బంధువులే వరస కట్టారు. తను ఏమీ అనలేదు. మర్నాడు నేనే తీసేసి, ఫోన్ చేసి క్షమించమని అడిగాను. అప్పటినుంచి వయసు, రంగు, బరువు, ఆలస్యం, ఖర్చు, ఈ ఐదింటి జోలికీ వెళ్లను. మెచ్చుకుంటున్నట్టుగా కూడా వెళ్లను. "ఎంత సన్నబడిందో" అనేది కూడా బరువు గురించిన మాటే.

లేనివాళ్ల గురించి రాయడం ఇంకో కష్టమైన చోటు. నాన్న పోయిన అమ్మాయి పెళ్లిలో బాబాయి, పిన్ని పీటల మీద కూర్చుని కన్యాదానం చేశారనుకోండి. ఆ ఫోటో కింద చాలామంది "పైనుంచి నాన్న చూస్తూ ఉంటారు" అని రాస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ కాళ్లు కడుగుతున్న బాబాయి ఆ వాక్యంలో మాయమైపోయాడు. నేనైతే ఉన్నవాళ్ల గురించి రాస్తాను: "నీళ్లు పోస్తున్నప్పుడు పిన్ని చెయ్యి వణికింది. బాబాయి తన చెయ్యి కింద పెట్టాడు." నాన్న ఆ వాక్యంలో లేకపోయినా, చదివినవాళ్లకి ఆయనే గుర్తొస్తారు. ఆ లోటుని పేరు పెట్టి చెప్పాలా వద్దా అన్నది పెళ్లికూతురి ఇష్టం. మీరు వేరేవాళ్లయితే ముందు అడగండి.

అప్పగింతల ఫోటోల దగ్గర కూడా ఆగాలి. ఏడుస్తున్న మొహం మీద ఏ మాట రాసినా ఎక్కువే అవుతుంది. అక్కడ నేను పేరు, ఊరు, తేదీ రాసి వదిలేస్తాను.

పెళ్లికూతురే రాసుకుంటే

వేరే గొంతుకి ఉదాహరణ ఒకటి. ఒకమ్మాయి అరుంధతీ నక్షత్రం చూపిస్తున్న ఫోటో పట్టుకొచ్చింది. ఇద్దరూ మెడలు ఎత్తి ఆకాశంలోకి చూస్తున్నారు. తను రాసుకున్నది "వశిష్ఠ అరుంధతుల్లా కలకాలం" అని. అది పంతులుగారి మాట. "నిజంగా ఏం జరిగింది" అని అడిగాను. సప్తర్షి మండలంలో వశిష్ఠుడి పక్కనే ఉంటుంది అరుంధతి, చీకటి బాగా ఉంటేగానీ ఆనదు. ఆ రోజు మబ్బు పట్టి ఉందట, పంతులుగారు కనబడిందా అంటే తను కనబడిందని తలూపేసిందట. అతను మాత్రం ఇంకా వెతుకుతూ నిలబడ్డాడట.

"మరి అదే రాయి" అన్నాను. చివరికి ఇలా వచ్చింది: "అరుంధతి కనబడిందా అన్నారు పంతులుగారు. మబ్బుల్లో ఏం కనబడుతుందని, తలూపేశాను. తను మాత్రం ఇంకా వెతుకుతున్నాడు." మూడు చిన్న వాక్యాలు. అతను ఎలాంటి మనిషో, తనకి అతనంటే ఏమిటో రెండూ తెలుస్తున్నాయి. "నిజంగా ఏం జరిగింది" అనే ప్రశ్న ఎవరు అడిగినా, తమని తాము అడుగుకున్నా, గొంతు వెంటనే మారుతుంది.

పెట్టేముందు ఒకరికి చదివి వినిపించండి

చూపించడం కాదు, చదివి వినిపించాలి. చూసేవాళ్లు "బాగుంది" అనేస్తారు. వినేవాళ్ల మొహం ఎక్కడ మారిందో మీకు కనబడుతుంది. అవతలి ఇంటివాళ్ల చెవితో వినగలిగిన పెద్దావిడ ఒకరుంటే మరీ మంచిది.

నేను పిన్నికి చదివాను. "పడుకోమంటే పడుకోకుండా" దగ్గర ఆవిడ కనుబొమ్మలు ముడిపడ్డాయి. "పెద్దావిడని రాత్రంతా కూర్చోబెట్టారని వాళ్లనుకోరుటే" అంది. నాకు తట్టని సంగతి అది. నేను ఆవిడ మొండితనాన్ని ముద్దుగా చెప్పాననుకున్నాను, బయటివాళ్లకి అది మా నిర్లక్ష్యంగా వినబడొచ్చు. ఆ రెండు మాటలూ తీసేస్తే వాక్యం ఇంకా తేలికైంది: "వెనక జడ పట్టుకున్న చెయ్యి అమ్మమ్మది. బరువుకి నీ మెడ లాగకూడదని ముహూర్తం అయ్యేదాకా అలాగే కూర్చుంది." తర్వాత అమ్మమ్మని కూడా అడిగాను, ఆవిడ చెయ్యి గురించే కదా మరి. "నా చెయ్యేం బావుంటుందే" అంది, కాసేపాగి "పెట్టుకో" అంది.

మూడో రోజు పొద్దున పెట్టాను, పెళ్లి రోజు ఫోటోల వరద తగ్గాక. పదకొండింటికి చిన్ని అత్తగారింటి నుంచి ఫోన్ చేసింది. హలో కూడా అనలేదు. "జడ తేలికైపోయిందేంటా అనుకున్నానక్కా" అంది. "పిన్నులు ఊడిపోతున్నాయేమో అని భయపడి కదలకుండా కూర్చున్నా." తర్వాత అమ్మమ్మకి ఫోన్ ఇమ్మంది.